అడిగేది ఒకే ప్రశ్న... చెప్పాల్సింది రెండు జవాబులు

ఉదయం పదీ నలభై. కాలేజీ సెమినార్ హాలు పక్కన చిన్న గది. బల్లకు అటువైపు ఇద్దరు. ఒకాయన చేతిలో రెజ్యుమె, ఇంకొకాయన ముందు తెల్ల కాగితం, పెన్ను. కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఇంకా ఊపిరి తీసుకోకముందే వచ్చింది ప్రశ్న: 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్'.

సాయంత్రం నాలుగుంపావు. అదే కాలేజీ, అదే అమ్మాయి, అదే రెజ్యుమె. గది మారింది, బల్లకు అటువైపు మనుషులు మారారు. ప్రశ్న మాత్రం మారలేదు: 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్'.

క్యాంపస్ ఇంటర్వ్యూ రోజున ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా కనిపించే దృశ్యమే ఇది. రాతపరీక్ష, కోడింగ్ పరీక్ష గట్టెక్కినవారిని పొద్దున టెక్నికల్ ప్యానెల్ చూస్తుంది. అక్కడ నెగ్గినవారిని సాయంత్రం హెచ్ఆర్ ప్యానెల్ పిలుస్తుంది. ప్రశ్న ఒకటే కదా అని చాలామంది ఒకటే జవాబు బట్టీపట్టి రెండుచోట్లా అప్పగిస్తారు. పొద్దున పొల్లుపోకుండా చెప్పామన్న సంతోషంలో సాయంత్రం అదే టేపు మళ్లీ తిప్పుతారు. ఎక్కడో ఒకచోట అది తేలిపోతుంది.

ప్రశ్న వెనక ప్రశ్న

రెండు ప్యానెళ్లూ ఒకే మాట అడిగినా వెతికేది వేరు. టెక్నికల్ ప్యానెల్లో కూర్చునేది రోజూ ఆ పని చేసే ఇంజినీర్లే. వాళ్లకు ఒక్కో అభ్యర్థికి దొరికేది అరగంటో, నలభై నిమిషాలో. నాలుగేళ్ల చదువులో ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో వాళ్లకూ తెలియదు. స్వపరిచయం అడిగేది అందుకే. అభ్యర్థి మాట్లాడుతుంటే ఆ తెల్ల కాగితం మీద రెండుమూడు మాటలు రాసుకుంటారు. మొదటి ప్రశ్న వాటిలోంచే పుడుతుంది. అంటే, పొద్దున చెప్పే పరిచయం ఒకరకంగా అభ్యర్థి తన ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్నను తానే రాసుకోవడం.

హెచ్ఆర్ ప్యానెల్‌కు ఆ అవసరం లేదు. సబ్జెక్టు వచ్చా రాదా అన్నది పొద్దునే తేలిపోయింది. వాళ్ల ముందున్న అనుమానాలు వేరు. ఉద్యోగమిస్తే ఈ అమ్మాయి చేరుతుందా? పుణె పంపినా, చెన్నై పంపినా వెళ్తుందా? ఆరు నెలలకే ఎంఎస్‌కు వెళ్తానని మానేస్తుందా? నలుగురిలో ఇమడగలదా? తనకు తెలిసిన విషయాన్ని తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలదా? పరిచయం నడిచే ఆ నిమిషంన్నరలో వీటికి ఎన్ని జవాబులు దొరికితే అన్ని ప్రశ్నలు తగ్గుతాయి.

ఒకరికి కావాల్సింది 'ఏం చేశావు, ఎలా చేశావు'. రెండోవారికి కావాల్సింది 'ఎవరు నువ్వు, మాతో ఉంటావా'.

పాత పాఠం

మన అమ్మాయి విషయమే చూద్దాం. ఈసీఈ చివరి సంవత్సరం. పల్నాడులో ఒక చిన్న పట్నం. నాన్నకు ఎరువుల దుకాణం, అమ్మ ఇంటి దగ్గరే. ఒక తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంతకుముందు ఒక కంపెనీ వచ్చినప్పుడు ఆమె టెక్నికల్ ప్యానెల్ ముందు చెప్పిన పరిచయం దాదాపు ఇలా సాగింది:

'మైసెల్ఫ్ ఫలానా. మా ఊరు ఫలానా. మా నాన్న వ్యాపారం చేస్తారు, అమ్మ గృహిణి, నాకో తమ్ముడు. పదో తరగతి ఫలానా స్కూల్లో ఇంత శాతంతో, ఇంటర్ ఫలానా కాలేజీలో ఇంత శాతంతో పాసయ్యాను. నా బలం కష్టపడే తత్వం. నా బలహీనత అందరినీ తొందరగా నమ్మడం. నా హాబీలు పాటలు వినడం, పుస్తకాలు చదవడం. నాకు సి, జావా, పైథాన్, మెషిన్ లెర్నింగ్, ఐఓటీ తెలుసు. థాంక్యూ.'

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ పెన్ను పట్టుకున్న ఇంజినీరుకు రాసుకోవడానికి దొరికింది చివరి వాక్యం ఒక్కటే. అందులోనూ అన్నిటికన్నా బరువైన మాట మెషిన్ లెర్నింగ్. ఆయన అదే పట్టుకున్నాడు. ఆమెకు ఆ సబ్జెక్టుతో ఉన్న పరిచయమల్లా రెండు రోజుల వర్క్‌షాప్. రెండో ప్రశ్నకే మౌనం. ఆ మౌనం తర్వాత, బాగా వచ్చిన సి లాంగ్వేజీలో అడిగిన ప్రశ్నకూ తడబడింది. ఆ రోజు ఆమె హెచ్ఆర్ గది దాకా వెళ్లనేలేదు.

అలాగని ఆమె దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదా అంటే, చాలా ఉంది. తరగతిలో నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు పుట్టింది ఆమె మేనమామ మిరప చేను దగ్గర. మోటారు వేయడానికి, ఆపడానికి ఆయన వేళకాని వేళ చేనుకు నడిచి వెళ్లేవాడు. నేలలో తేమ తగ్గితే మోటారు దానంతటదే తిరిగి, సరిపడా తడిశాక ఆగిపోయి, ఆ సంగతి ఫోనుకు మెసేజీగా వచ్చేలా చేయాలనుకున్నారు. ఆర్డుయినో బోర్డు, తేమను కొలిచే సెన్సర్, మెసేజీ పంపడానికి జీఎస్ఎం మాడ్యూల్. ప్రోగ్రామ్ రాసింది ఈ అమ్మాయి. సర్క్యూట్ పని ఇంకో కుర్రాడిది. మిగతా ఇద్దరూ చేలో బిగింపు, రిపోర్టు చూసుకున్నారు.

ఇంత ఉన్నా ఆమె పరిచయంలో ఇది 'ఐఓటీ' అన్న మూడక్షరాల్లో దాక్కుపోయింది. 

పొద్దున గదిలో చెప్పాల్సింది

రెండో కంపెనీ వచ్చేసరికి ఆమె పరిచయాన్ని విడగొట్టుకుంది. ఇంటర్వ్యూలో ఇంగ్లిషులోనే చెప్పాలి. కానీ విషయం ముందు తెలుగులో తేలితే ఇంగ్లిషు దానివెంట వస్తుంది. టెక్నికల్ ప్యానెల్ కోసం ఆమె సిద్ధం చేసుకున్న మాటల సారం ఇదీ:

'నా పేరు ఫలానా. ఈ కాలేజీలో ఈసీఈ చివరి సంవత్సరం. నాకు ఎక్కువ ఇష్టమైంది ప్రోగ్రామింగ్, అందులోనూ సి. నాలుగో సంవత్సరంలో నలుగురం కలిసి నేలలో తేమను బట్టి పొలం మోటారును నడిపే పరికరం తయారుచేశాం. ప్రోగ్రామ్ రాయడం నా పని. మొదట తేమకు ఒకే హద్దు పెట్టాను. రీడింగు ఆ హద్దు దగ్గర అటూ ఇటూ ఊగుతుంటే రిలే టకటకా కొట్టుకునేది. మోటారు వేయడానికి ఒక హద్దు, ఆపడానికి ఇంకో హద్దు పెట్టాక అది ఆగింది. తర్వాత మెసేజీ పంపే ప్రతిసారీ జీఎస్ఎం మాడ్యూల్ రీసెట్ అయ్యేది. ప్రోగ్రామ్‌లో తప్పనుకుని రెండు రోజులు వెతికాం. చివరికి అది కరెంటు చాలకపోవడమని తేలింది. మూడు వారాల రీడింగులను మైఎస్‌క్యూఎల్ టేబుల్లోకి ఎక్కించి, ఏ వేళలో తేమ ఎంత తగ్గుతోందో క్వెరీలు రాసి చూశాను. ఆ పని చేశాకే డేటాబేస్ మీద ఆసక్తి పెరిగింది.'

ఇంగ్లిషులో ఇది సుమారు 150 నుంచి 180 పదాలు. తొందరపడకుండా చెబితే నిమిషంన్నర లోపే అయిపోతుంది.

ఇందులో ఏవి లేవో చూడండి. నాన్న, అమ్మ, తమ్ముడు లేరు. పదో తరగతి మార్కులు లేవు, అవి రెజ్యుమెలో ఉన్నాయి. హాబీలు లేవు. మెషిన్ లెర్నింగ్ లేదు. బలం, బలహీనత అన్న మాటలూ లేవు. రెండు రోజులు వెతికామని చెప్పడంలోనే ఓపిక ఉన్న మనిషని తెలిసిపోతుంది.

ఉన్నవాటిలో ప్రతిదీ ఒక ప్రశ్నకు తలుపు. 'రెండు హద్దులన్నావు, ఎంతెంత పెట్టావు? ఎలా నిర్ణయించావు?' అని అడగొచ్చు. ఆర్డుయినో యునో సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీని 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా చూపిస్తుంది. ఆమె వాడిన సెన్సర్‌లో నేల ఎండేకొద్దీ అంకె పెరుగుతుంది, తడిసేకొద్దీ తగ్గుతుంది. చేలో ఎండిన మట్టి దగ్గర, నీళ్లు పెట్టిన మట్టి దగ్గర అంకెలు రాసుకుని, 480 దాటితే మోటారు వేయాలని, 400కు దిగితే ఆపాలని పెట్టింది. మధ్యలో ఎంత ఉన్నా ఉన్న స్థితి అలాగే సాగుతుంది. ఇది ఆమె చేతులతో చేసిన పని కాబట్టి ఎంత తవ్వినా చెబుతుంది.

'కరెంటు చాలలేదని ఎలా తెలిసింది?' అని అడగొచ్చు. ఆమె వాడిన సిమ్800ఎల్ లాంటి మాడ్యూల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే క్షణాల్లో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆర్డుయినో బోర్డు నుంచి అంత రాదు. వోల్టేజీ పడిపోయి మాడ్యూల్ ఆగి మళ్లీ మొదలవుతుంది. విడిగా సప్లై ఇచ్చి, అదే ప్రోగ్రామ్ నడిపి చూస్తే మెసేజీ వెళ్లింది. తప్పు ప్రోగ్రామ్‌ది కాదని అలా రుజువైంది. ఒక్కో కారణాన్నీ విడదీసి చూడటం తెలిసిన మనిషన్నది ఇక్కడ బయటపడుతుంది. ఇంజినీరు కాగితం మీద రాసుకునేది అదే.

చివరి వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈసీఈ విద్యార్థిని సర్క్యూట్ల గురించి ఎంతసేపని అడుగుతుంది? వాళ్లకు కావాల్సింది ప్రోగ్రామ్, డేటాబేస్. చివర విన్న మాట చెవిలో ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి ఆమె తనకు బాగా వచ్చినదీ, వాళ్లకు పనికొచ్చేదీ చివర పెట్టింది.

మూడు ప్రశ్నల లోతు

పొద్దున పరిచయంలో ఏ మాట ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ప్రతి సాంకేతిక పదం పక్కనా మూడు ప్రశ్నలు రాసుకోవాలి. అది ఏమిటి? నువ్వు దాన్ని ఎక్కడ వాడావు? అది కాకుండా ఇంకోటి ఎందుకు వాడలేదు? మూడోదానికీ జవాబుంటే ఆ మాట ఉండొచ్చు. రెండోదాని దగ్గరే ఆగితే రెజ్యుమెలో ఒక మూల ఉండనివ్వచ్చు గానీ పరిచయంలోకి రాకూడదు. మొదటిదానికే తడుముకుంటే రెజ్యుమెలోంచి కూడా తీసేయడం మేలు.

ఈ లెక్కన మన అమ్మాయి దగ్గర మెషిన్ లెర్నింగ్ పోయింది. పైథాన్ రెజ్యుమెలో మిగిలింది. సి, ఎస్‌క్యూఎల్, ప్రాజెక్టు పరిచయంలోకి వచ్చాయి. 

పరిచయం పనిచేసిందో లేదో కూడా ఆ గదిలోనే తెలుస్తుంది. వెంటనే వచ్చే ప్రశ్న చెప్పిన మాటల్లోంచే వస్తే పనిచేసినట్టు. అంతా విని 'ఓకే, వాట్ ఈజ్ యువర్ ఫేవరెట్ సబ్జెక్ట్?' అన్నారంటే ఆ నిమిషంన్నరలో వాళ్లకు పట్టుకోవడానికేమీ దొరకలేదని అర్థం. అప్పుడు కంగారు పడక్కర్లేదు. అది ఇంకో అవకాశం. సబ్జెక్టు పేరొక్కటే చెప్పి ఊరుకోకుండా దానితో చేసిన పని ఒకటి జతచేస్తే సరిపోతుంది.

మధ్యలోనే ఆపేస్తే? అదీ జరుగుతుంది. కొందరు ఇరవై సెకన్లకే 'ఆ ప్రాజెక్టు గురించి చెప్పు' అంటారు. మిగతా పాఠం అప్పగించాలని చూడకూడదు. ఆగి, అడిగింది చెప్పాలి. ముఖ్యమైన మాట మొదటి రెండుమూడు వాక్యాల్లోనే రావాలనేది అందుకే.

సాయంత్రం గదిలో చెప్పాల్సింది

ఇప్పుడు నాలుగుంపావు గదికి వద్దాం. ఇక్కడ కూర్చున్నవారికి రిలే అంటే తెలియకపోవచ్చు, తెలిసినా అక్కర్లేదు. అలాగని ప్రాజెక్టును వదిలేస్తే ఈ అమ్మాయికీ ఆ వరుసలో ఉన్న మిగతా నలభై మందికీ తేడా ఉండదు. అందుకని అదే ప్రాజెక్టును ఆమె ఇంకోవైపు నుంచి చెప్పింది:

'నా పేరు ఫలానా. ఈసీఈ చివరి సంవత్సరం. మాది పల్నాడులో చిన్న పట్నం. నాన్నకు ఎరువుల దుకాణం. స్కూలు రోజుల నుంచీ సెలవుల్లో దుకాణంలో కూర్చునేదాన్ని. అప్పు రాసిన పుస్తకం చూసి ఎవరు ఎంత కట్టాలో రైతులకు నచ్చజెప్పడం అక్కడే నేర్చుకున్నాను. మా మేనమామ వేళకాని వేళ మోటారు కోసం చేనుకు వెళ్లడం చూసి మా ప్రాజెక్టు ఆలోచన వచ్చింది. నలుగురం చేశాం, ప్రోగ్రామ్ నాది. ఒక దశలో పరికరం పనిచేయలేదు. నా ప్రోగ్రామ్‌లో తప్పని నా స్నేహితుడు, తన సర్క్యూట్‌లో తప్పని నేను రెండు రోజులు వాదించుకున్నాం. తర్వాత వాదన ఆపి ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కో భాగం విడదీసి చూస్తే గంటలో దొరికింది. ఇంటి నుంచి దూరంగా హాస్టల్లో నాలుగేళ్లు ఉన్నాను కాబట్టి ఏ ఊళ్లో పోస్టింగ్ ఇచ్చినా ఇబ్బంది లేదు. మొదటి రెండుమూడేళ్లు సాఫ్ట్‌వేర్ పని పునాది నుంచి నేర్చుకోవాలని ఉంది.'

సంఘటన ఒకటే. పొద్దున అది కరెంటు చాలని కథ. సాయంత్రం అది ఇద్దరు మనుషుల కథ. పొద్దున గంటలో తప్పు ఎలా దొరికిందో ముఖ్యం. సాయంత్రం వాదన ఎలా ఆగిందో ముఖ్యం. రెండూ నిజమే.

కుటుంబం పొద్దున లేదు, సాయంత్రం వచ్చింది. అయితే పాత పాఠంలోలా జాబితాగా రాలేదు. నాన్న వ్యాపారం చేస్తారన్నది జనాభా లెక్కలకు పనికొచ్చే సమాచారం. ఆ దుకాణంలో కూర్చుని తాను నేర్చుకున్నది చెబితే అది ఆమె పరిచయం అవుతుంది. ఇంట్లోవాళ్లలో ఎవరి ప్రస్తావన తెచ్చినా, దానితో పాటు తన గురించిన ఒక మాట రావాలి. రాకపోతే ఆ ప్రస్తావన అక్కర్లేదు.

హాస్టల్ మాట, రెండుమూడేళ్ల మాట కూడా కావాలని పెట్టినవే. ఎక్కడికైనా వెళ్తావా, నిలుస్తావా అన్న రెండు అనుమానాలకు అవి జవాబులు. కానీ ఇక్కడే ఒక జాగ్రత్త. నిజం కానిది ఈ చోట చెప్పకూడదు. ఎంఎస్‌కు వెళ్లాలని ఇంట్లో అప్పటికే నిర్ణయమైపోయి ఉంటే 'రెండుమూడేళ్లు' అనకూడదు. హైదరాబాద్ దాటి పంపేది లేదని ఇంట్లో తేల్చిచెప్పి ఉంటే 'ఏ ఊరైనా సరే' అనకూడదు. కొన్ని కంపెనీలు శిక్షణ తర్వాత ఇంతకాలం పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. ఆ కాగితం వచ్చాక ఇంట్లో గొడవపడేకంటే, ఇంటర్వ్యూకు ముందు ఆదివారమే అమ్మానాన్నలతో కూర్చుని ఈ రెండు విషయాలూ తేల్చుకోవడం మేలు. ఆ జవాబు అమ్మాయి ఒక్కతే ఇవ్వగలిగేది కాదు, ఇల్లంతా కలిసి ఇవ్వాల్సింది.

ఫెయిలైన సబ్జెక్టు సంగతి

ఈ అమ్మాయి మార్కుల జాబితాలో ఒక మచ్చ ఉంది. రెండో సంవత్సరంలో లెక్కల పేపరు ఒకటి పోయింది, తర్వాత సప్లిమెంటరీలో పాసైంది. అప్పుడు నాన్నకు ఆపరేషన్. నెలన్నరపాటు దుకాణం ఆమే చూసుకుంది. పరిచయంలో ఇది చెప్పాలా?

టెక్నికల్ ప్యానెల్ ముందు అక్కర్లేదు. హెచ్ఆర్ ముందు కూడా అడగకముందే చెప్పనక్కర్లేదు. నిమిషంన్నర సమయంలో పావు వంతు ఒక సంజాయిషీకి పోతే వినేవారికి అదే గుర్తుంటుంది. అలాగని దాచకూడదు. దరఖాస్తు ఫారంలో బ్యాక్‌లాగుల గడి ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయాలి. అక్కడ తప్పు రాస్తే, చేతికొచ్చిన ఉద్యోగం సర్టిఫికెట్ల తనిఖీలో పోవచ్చు.

ఆమె చేసిందేమిటంటే, పరిచయంలో దుకాణం ప్రస్తావన ఎలాగూ ఉంది. హెచ్ఆర్ అడిగినప్పుడు జవాబు దానికే అతుకుతుంది. 'నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు నెలన్నర దుకాణం చూసుకున్నాను, ఆ పేపరు పోయింది. తర్వాతి పరీక్షలో పాసయ్యాను, ఆ తర్వాత ఏదీ పోలేదు.' కారణానికి ఒక వాక్యం, సరిదిద్దుకున్నదానికి ఒక వాక్యం. అంతకుమించి లాగితే జాలి కోసం చెప్పినట్టుంటుంది.

మార్చకూడనివి

రెండు పరిచయాలంటే ఇద్దరు మనుషులు కారు. వరుస మారొచ్చు, దేనికి ఎంత సమయమివ్వాలో మారొచ్చు, వాడే పదాలు మారొచ్చు. వాస్తవాలు మారకూడదు. 

ఇక్కడ తప్పు ఎలా జరుగుతుందంటే, పొద్దున ఇంజినీర్ల ముందు 'ప్రోగ్రామ్ నాది, సర్క్యూట్ నా స్నేహితుడిది' అన్న అబ్బాయి, సాయంత్రం నాయకత్వ లక్షణాలు చూపించాలనుకుని 'టీమ్ లీడర్‌ను నేనే, మొత్తం నా చేతిమీదుగానే నడిచింది' అంటాడు. పొద్దున ప్యానెల్ రాసిన అభిప్రాయ పత్రం చాలాచోట్ల హెచ్ఆర్ చేతికి వస్తుంది. ఆ పత్రంలో 'ప్రోగ్రామ్ మాత్రమే చేశాడు, బాగా చెప్పాడు' అని ఉంటే సాయంత్రం మాట అతిశయం అవుతుంది. అదే క్యాంపస్‌లో అదే ప్రాజెక్టు చేసిన మిగతా ముగ్గురూ అదే గదిలోకి వస్తారన్నదీ మరవకూడదు. ఒకే ప్రాజెక్టుకు నలుగురు లీడర్లు తేలితే నలుగురికీ నష్టమే.

నలుగురూ ముందురోజు కూర్చుని ఎవరు ఏం చేశారో నిజాయతీగా పంచుకుని రాసుకుంటే ఈ బెడద ఉండదు. ప్రాజెక్టు ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నవి నలుగురి నోటా ఒకేలా రావాలి. 

మధ్యలో నాలుగైదు గంటలు

పొద్దున గదిలోంచి బయటికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. స్నేహితులు చుట్టుముట్టి 'ఏమడిగారే' అంటారు. వాళ్లకు చెప్పేముందు పక్కకు వెళ్లి ఒక కాగితం మీద రెండు విషయాలు రాసుకోవాలి. ఏమేం అడిగారు? తానేం చెప్పింది? ముఖ్యంగా చెప్పలేకపోయినవి, మాటల్లో దొర్లిన అంకెలు. సాయంత్రం 'పొద్దున ఇంటర్వ్యూ ఎలా జరిగింది?' అని హెచ్ఆర్ అడగడం మామూలే. 'బాగా జరిగింది సార్' అంటే మాట అక్కడితో అయిపోతుంది. 'ఒక ప్రశ్నకు జవాబు తెలియలేదు, బయటికొచ్చాక చూసుకున్నాను' అంటే నమ్మేలా ఉంటుంది, నిజంగా చూసుకుని ఉంటేనే సుమా.

ఇంకోటి, అలసట. పొద్దున ఎనిమిదింటికి కాలేజీకి వచ్చి సాయంత్రం దాకా పిలుపు కోసం కూర్చుంటే గొంతు దిగిపోతుంది. భయంతో మధ్యాహ్నం అన్నం మానేసేవారు చాలామంది. నాలుగింటికి హెచ్ఆర్ ముందు నీరసంగా కూర్చున్న మనిషి 'ఎక్కడికైనా వెళ్తాను' అన్నా వినేవారికి అది ఉత్సాహంలా వినిపించదు. కాస్త తిని, ముఖం కడుక్కుని, సాయంత్రం పరిచయంలో మొదటి రెండు వాక్యాలు ఒకసారి గొంతెత్తి అనుకుని వెళ్లాలి. లేకపోతే అలవాటైన నోరు పొద్దున పరిచయాన్నే మొదలుపెడుతుంది. 

ఇద్దరూ ఒకే బల్ల దగ్గరుంటే

చిన్న కంపెనీల్లో రెండు ప్యానెళ్లూ ఉండకపోవచ్చు. ఒకే గదిలో ఒక ఇంజినీరు, ఒక హెచ్ఆర్ పక్కపక్కన కూర్చుంటారు. అప్పుడు రెండు పరిచయాలనూ కలిపి మూడు నిమిషాలు చెప్పకూడదు. పొద్దున పరిచయమే వెన్నెముక. అందులో రీడింగుల వివరం తగ్గించి, మేనమామ నడక ఒక వాక్యం ముందు, ఇద్దరూ కలిసి తప్పు పట్టుకున్న సంగతి ఒక వాక్యం చివర చేరిస్తే చాలు. ఊళ్లూ పోస్టింగులూ వాళ్లు అడిగినప్పుడు చెప్పొచ్చు. చూపు మాత్రం ఇద్దరి మీదా ఉండాలి.

ఉద్యోగం మారేవారికీ సూత్రం ఇదే, సరుకు వేరు. టెక్నికల్ ప్యానెల్ ముందు ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టులో తన చేతి పని ఎంత, ఎక్కడ చిక్కుపడింది, ఎలా విప్పారు అన్నవి ముందుకు రావాలి. హెచ్ఆర్ ముందు ఎన్నేళ్లు ఎక్కడ చేశారు, ఎందుకు మారుతున్నారు, నోటీసు పీరియడ్ ఎంత అన్నవి. పాత మేనేజరు మీద ఫిర్యాదు మాత్రం రెండు గదుల్లోనూ వద్దు.

ఇంట్లోనే ఇద్దరు పరీక్షకులు

ఈ రెండు పరిచయాలనూ సరిచూసుకోవడానికి కోచింగ్ సెంటరు అక్కర్లేదు. పొద్దున పరిచయాన్ని తరగతిలో బాగా చదివే స్నేహితురాలికి వినిపించాలి. వినడం అయ్యాక ఆమె మూడు ప్రశ్నలు అడగాలి. అడగడానికేమీ తోచలేదంటే పరిచయంలో సరుకు లేదని అర్థం. అడిగిన మూడూ తెలియని చోటు నుంచే వచ్చాయంటే అక్కర్లేని మాటలు దూరాయని అర్థం.

సాయంత్రం పరిచయాన్ని ఇంట్లో పెద్దవారికి చెప్పాలి, తెలుగులోనే. ఎక్కడైనా 'అంటే ఏంటమ్మా?' అని ఆపితే ఆ మాట మార్చాలి. తర్వాత రెండూ ఇంగ్లిషులో ఫోనులో రికార్డు చేసి వినాలి. రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి తీసేయాలి. రెండు రికార్డులూ మొదటి వాక్యం తప్ప మిగతాదంతా ఒకేలా ఉంటే విడగొట్టడం ఇంకా జరగలేదన్నమాట. బట్టీ మాత్రం పట్టకూడదు. వాక్యాలు కాకుండా వరుస గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక్కోదానికి ఐదారు మాటలు రాసుకున్న చిన్న చీటీ సరిపోతుంది.

పరిచయం ఎంత బాగా కుదిరినా అది చేసేది మొదటి ఐదు పది నిమిషాల పనే. లింక్డ్ లిస్టు తిప్పమంటే తిప్పలేని మనిషిని అది కాపాడదు. తెలిసిన మనిషిని తెలిసిన దారిలోకి నడిపిస్తుంది, అంతే.

మన అమ్మాయి ఆ సాయంత్రం పరిచయం ఇంట్లో చెప్పి చూసినప్పుడు నాన్న అడ్డుపడ్డారట. 'దుకాణం సంగతి అంత పెద్దవాళ్ల ముందు ఎందుకమ్మా, బాగోదేమో' అని. ఆమె తీయలేదు. హెచ్ఆర్ గదిలో మొదటి ప్రశ్న దాని మీదే వచ్చింది: 'అప్పు కట్టనన్న రైతుకు ఏం చెప్పేదానివి?' దానికి ఆమె ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోనక్కర్లేకపోయింది.